వతాషి వ, వతాషి గ

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశానని మా ఇంట్లో అంటారు. నిజానికి బడే నన్ను మానేసింది. అలాంటి నేను ముప్ఫై రెండేళ్ల వయసులో, గేట్లూ గ్రిల్లులూ అతికించిన చేత్తో పలక పట్టుకుని, రాజాంలో జపాన్ భాష నేర్చుకోవడానికి కూర్చున్నాను. జపాన్‌లో వెల్డర్లు కావాలన్నారు. వెల్డింగ్ వచ్చు, ఇక నోరంటారా, అది పుట్టుకతోనే వచ్చింది.

మా మేడం పొందూరమ్మాయి. జపాన్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చింది. నాకన్నా చిన్నదే, అయినా బోర్డు ముందు నిలబడితే మేడమే. ఆవిడ ‘వ’, ‘గ’ అనే రెండు అక్షరాలతో మమ్మల్ని వారం రోజులు తిప్పింది.

“వతాషి వ ఓచా దెసు” అని బోర్డు మీద రాసి, “టీ కొట్లో ఇలా చెప్పొచ్చు” అంది.

“అంటే నేను టీనా మేడం?” అన్నాను. క్లాసంతా నవ్వింది.

“నువ్వు టీవి కాదన్నయ్యా. నీ సంగతికొస్తే టీ. ‘వ’ ముందున్నది మనం మాట్లాడుకుంటున్న సంగతి. అదే పని చేసినవాడు అవ్వాలని లేదు. ‘వతాషి వ అతమ గ ఇతై.’ నా సంగతికొస్తే, నొప్పెడుతున్నది తల. సంగతి నువ్వు, నొప్పెట్టేది తల.”

“అది మాత్రం నిజమే మేడం, ఇప్పుడదే నొప్పెడతన్నాది.”

“ఎవరు చేశారని అడిగితే మాత్రం జవాబులో ‘గ’ పెట్టండి. వతాషి గ. నేనే అని. ‘వ’ పెడితే, నేనైతే చేశాను, మిగతావాళ్ల సంగతి నాకు తెలీదు అన్నట్టుంటుంది.”

ఆవిడ అంత శుభ్రంగా చెప్పాక కూడా, సాయంత్రం హాస్టల్ మెట్ల మీద నేను నా సొంత పాఠం చెప్పాను. “ఒరే, ఇదంతా ఏటీ లేదురా. నోరు తెరిస్తే ‘వతాషి వ’ అనీండి. మిగతాది ఆ జపానోడే సూసుకుంటాడు.” మా ఊరి బావ, ఇంకో ఇద్దరూ నమ్మారు. మేడం మాట కంటే నా మాట సుళువు కదా.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. ఖాళీ ఒక్కటే, మేం నలుగురం. ముందురోజు మేం తలా ఒకటి అతికించిన ఇనప ప్లేట్లను టేబుల్ మీద పెట్టారు. నంబర్లు వెనకవైపున్నాయి. తెర మీద జపాన్ పెద్దమనిషి. మేడం ఒక మూల కూర్చుంది. ఆవిడ నోరెత్తకూడదు.

ఒక ప్లేటు ఎత్తి చూపించారు. అది నాదే. అతుకు చేప వెన్నెముకలా వరసగా ఉంది.

“కోరె వ దరె గ యోసెత్సు షిమాషిత క?” అన్నాడాయన. దీని సంగతికొస్తే, వెల్డింగ్ చేసింది ఎవరు?

నేను ఛాతీ పొంగించి, “వతాషి వ యోసెత్సు షిమాషిత!” అన్నాను.

నా పక్కవాడికి భయమేసింది. ప్లేటు తనది కాకపోయినా, “వతాషి వ యోసెత్సు షిమాషిత” అన్నాడు. తర్వాత మూడోవాడు. తర్వాత బావ. నలుగురూ చేశాం! ఆ చిన్న ప్లేటుకి నలుగురు వెల్డర్లు. మేడం తల పట్టుకుంది.

పెద్దమనిషి నవ్వు ఆపుకుని, మళ్లీ, ఈసారి ‘గ’ని సుత్తితో కొట్టినట్టు, “దరె... గ?” అన్నాడు.

అప్పుడు వెలిగింది. నలుగురం వెల్డింగ్ చేశామని ఆయనకి తెలుసు. ఆయనకి కావలసింది ఆ ఒక్కడు. లేచి నిలబడి, “వతాషి గ షిమాషిత” అన్నాను. ప్లేటు తిప్పితే నా నంబరే.

తర్వాతి ప్లేటు ఎత్తారు. అతుకు మధ్యలో చిల్లు, అటునించి వెలుతురు కనిపిస్తోంది. “దరె గ?” ఈసారి అందరికంటే ముందు మా బావ లేచాడు. గొంతు తడబడింది కానీ, అక్షరం తడబడలేదు. “వతాషి గ షిమాషిత.”

ఆ ఖాళీ నాకొచ్చింది. బావని మళ్లీ ప్రయత్నించమన్నారు.

బస్టాండుకి నడిచాం. దారిలో, “బావా, నా పాఠం నమ్మి ముందే నవ్వులపాలయ్యావు. నీ ఉద్యోగం నేనే పోగొట్టినాను” అన్నాను.

బావ సంచీ భుజం మార్చుకుని నావైపు చూశాడు.

“ఓరి ఓరి, నీకంత సీన్ లేదురా. ఆ సిల్లు నేనే సేసినాను. దాంట్లో కూడా నువ్వే దూరిపోతే నాకేటి మిగుల్తాదిరా?”