రెండు క్యాండిళ్ల ఫిల్టరు

కార్వేటినగరంలో నర్సు ప్రసన్నకుమారి అద్దెకున్న ఇంట్లో ఒకప్పుడు ముగ్గురు నర్సులుండేవాళ్లు. ముగ్గురూ కలిసి కొన్న స్టీలు నీళ్ల ఫిల్టరుకు, వడకట్టే పింగాణీ క్యాండిళ్లు రెండు. ఆదివారమైతే వంతులేసుకుని, సబ్బు తగలకుండా, మెత్తటి బ్రష్షుతో వాటిని రుద్దేవాళ్లు. ఒకామెకు పెండ్లయింది, ఇంకొకామెకు ట్రాన్స్‌ఫరయింది. వంతులన్నీ ప్రసన్నకే మిగిలినాయి.

ఏండ్లకొద్దీ రుద్దీ రుద్దీ క్యాండిళ్లు అరిగి సన్నబడినాయి. ఎంత రుద్దినా నీళ్లు మాత్రం చుక్కచుక్కగానే దిగేవి. ఒకరోజు ఉన్నట్టుండి గబగబా దిగుతుంటే, బాగైపోయిందని ఆమె సంబరపడింది. క్యాండిళ్లు ఊడదీసి చూస్తే ఒకదానికి పగులు. నీళ్లు వడకట్టకుండానే అందులోంచి కిందికి పోతా ఉండాయి.

కొత్త క్యాండిళ్ల కోసం పోతే, పుత్తూరు అంగడాయన మునిశేఖర్ అడిగినాడు. "ఇంట్లో ఎంతమంది ఉండారమ్మా?"

"నేనొక్కదాన్నే."

"అట్లైతే ఒక క్యాండిల్ చాలు. రెండో కన్నానికి బిరడా ఇస్తా."

ఆమెకు యాడలేని కోపమొచ్చింది. "నీ బిరడా నువ్వే పెట్టుకోప్పా! నాకు రెండూ ఇయ్యి."

కొత్తవి బిగించినాక మొదట దిగిన నీళ్లు పారబోయమన్నాడు, పారబోసింది. మళ్లీ పోస్తే సాయంత్రానికే కిందిగిన్నె నిండిపోయింది. అలవాటుకొద్దీ మూడు లోటాల్లో పట్టింది. ఒకటి తాగి, మిగిలిన రెండూ తీసుకుపోయి మళ్లీ ఫిల్టరు పైగిన్నెలోనే పోసింది.