మెల్లగా మూడుసార్లు తట్టమని రాశాను

బెంగాలీల మధ్య, సాల్ట్ లేక్‌లో కొత్తగా తెరవబోతున్న హోటల్లో నేను ట్రైనింగ్ సూపర్‌వైజర్ని. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. కొత్త స్టాఫ్‌కి మూడు రోజుల శిక్షణ ప్లాను రాసింది నేనే. అగ్నిమాపక అధికారి ముందు చేసే మంటల డ్రిల్‌లో తప్పితే నా ఉద్యోగం పోతుందని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

మొదటి రోజు గోళ్ళు, జుట్టు, బూట్లు. రెండో రోజు అతిథి మర్యాద: తలుపు మెల్లగా మూడుసార్లు తట్టాలి, "హౌస్‌కీపింగ్" అనాలి, ఆగాలి, గొంతు పెంచకూడదు. దీన్ని రోజంతా వల్లె వేయించాను. ప్రమాదాల సంగతి మూడో రోజు ఆఖరి గంటలో, అందరూ ఆవలిస్తుంటే చెప్పాను. నా బుద్ధి గడ్డి తింది!

డ్రిల్ రోజు మూడో అంతస్తు గదిలో నేను అతిథిగా నటించాలి. గట్టిగా పిలిస్తేనే తలుపు తియ్యాలి. అలారం మోగింది. కాసేపటికి టక్, టక్, టక్. "హౌస్‌కీపింగ్." మళ్ళీ అంతే. లోపల చెమటలు పట్టి కూర్చున్నాను. అరవవే తల్లీ, గట్టిగా అరవవే!

కింద తలలు లెక్కపెడితే ఇద్దరు తక్కువని ఫోనొచ్చింది. తలుపు తీస్తే, కొత్తగా చేరిన హౌస్‌కీపింగ్ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. మన శ్రీకాకుళం వైపు వాళ్ళే. తల్లి కార్పొరేషన్లో వీధులు ఊడుస్తుంది.

"ఏటే, కిందికి పోలేదేం?"

"గెస్టు పలకనేదు మేడమ్. గొంతు పెంచొద్దని మీరే సెప్పినారు కదా."

నిజంగా మంటలొస్తే ఇద్దరూ పోయేవాళ్ళన్నాడు అధికారి. మేనేజరు నన్ను పక్కకు పిలిచి, ఆ పిల్లని తీసేస్తే గొడవ వదిలిపోతుందన్నాడు. దేవుడా, నేను దాదాపు తలూపేశాను. ఇప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

"తప్పు ప్లానుది సార్, నాది" అన్నాను. ఇంకో గంట అడుక్కున్నాను. అధికారి గడియారం చూసుకుని సరేనన్నాడు.

ప్రమాదం పేజీ పైన పెద్దక్షరాలతో రాశాను: "అలారం మోగితే మర్యాద ఆపెయ్యండి." పిడికిలితో బాదాలి, అరవాలి. పలక్కపోతే చేతి వెనకవైపుతో తలుపు ముట్టుకుని చూడాలి; వేడి లేకపోతేనే మాస్టర్ తాళంతో తెరవాలి. వేడిగా ఉంటే గది నంబరు కింద చెప్పాలి. ఆ పిల్లని అరవమన్నాను. "మా అమ్మ కూడా అరవొద్దంటాది మేడమ్" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మళ్ళీ అలారం. మళ్ళీ గదిలో నేను, ఈసారి వినడానికి పక్క గదిలో అధికారి. అడుగుల చప్పుడు ఆగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. అయిపోయింది, ఇద్దరం ఇంటికే అనుకున్నాను.

తలుపు దద్దరిల్లింది. "అక్కా! తలుపు తియ్యక్కా! సచ్చిపోతావే, బయటికి రాయే!"




అధికారికి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చేశాడు.