నునుపు 300 స్టీమ్ ఐరన్ రివ్యూ, అత్తగారి కళ్ళజోడుతో సహా

టైలరమ్మ నోట్లో నువ్వు గింజ నానదని వీధంతటికీ తెలుసు. కొత్త గౌను వేసుకుని అద్దం ముందు మురిసిపోతున్న మనిషితో, "ఎడమ భుజం దగ్గర నేనే తేడా చేశాను, విప్పి ఇవ్వండి, సరిచేస్తాను" అనేస్తుంది. ఆ మనిషికి అప్పటిదాకా ఏ తేడా కనిపించి ఉండదు. ఇలాగైతే దుకాణం ఎలా నడుస్తుందని అత్తగారి బెంగ. అది నడుస్తున్నదే అందువల్లనని ఆవిడకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

దుకాణమంటే ఇంటి ముందు గదే. గోడవారన ఒక కుట్టు మిషను, మధ్యలో బట్టలు కత్తిరించే బల్ల, కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల. లేనిదల్లా ఓవర్‌లాక్ మిషను. బట్ట అంచుల్లో పోగులు ఊడకుండా దారాలతో చుట్టేసే మిషను అది. అది లేక టైలరమ్మ ప్రతి అంచునీ మామూలు మిషను మీదే వంకర కుట్టుతో నడిపి, నమ్మకం చాలక మళ్ళీ ఇంకోసారి నడుపుతుంది. ఎవరి దుకాణంలోనైనా ఓవర్‌లాక్ కనిపిస్తే, పక్కింటి పసిపాపని చూసినట్టు దగ్గరికి వెళ్ళి తడిమి వస్తుంది.

ఆ నోటికి తోడు ఆవిడకి ఒక వీడియో చానెల్ కూడా ఉంది. కత్తెరలు, సూదులు, దారాలు వాడి చూసి, బాగుంటే బాగుందనీ లేకపోతే లేదనీ చెప్పే చానెల్. వీడియోలు తీసేదీ, కత్తిరించేదీ, వాటికి పేర్లు పెట్టేదీ ఆడపడుచు. బీమా ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రాలు వదిన మీద పెత్తనం. కిందటిసారి ఒక కంపెనీ ఊరికే పంపిన కత్తెర గురించి చెప్పినప్పుడు, టైలరమ్మ పట్టుబట్టి ఆ వీడియోకి "నాకు ఊరికే ఇచ్చారు, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం" అని పేరు పెట్టించింది. నిజాయితీకి లోటు లేదు. చూసినవాళ్ళు మాత్రం చుట్టాలే.

ఈసారి వచ్చింది నునుపు అనే కంపెనీ వాళ్ళ స్టీమ్ ఐరన్. డబ్బులేమీ అక్కర్లేదు, ఇస్త్రీ పెట్టె మీకే, ఒక వీడియో చేయండి చాలు అన్నాడు కంపెనీ అబ్బాయి ఫోనులో. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "మేడమ్, మేం కొత్త ఓవర్‌లాక్ మిషను కూడా తెస్తున్నాం. ఈ వీడియో బాగా వస్తే తర్వాత మీకే పంపుదామని మా వాళ్ళు అనుకుంటున్నారు" అన్నాడు. టైలరమ్మ ఆ రోజంతా వంకర కుట్టు కుడుతూ కూనిరాగాలు తీసింది.

శనివారం మధ్యాహ్నం ఆడపడుచు ఫోనుని స్టాండుకి బిగించింది. పార్సెల్ బల్ల మీద ఉంది. వింతేమిటంటే, దాన్ని అత్తగారు విప్పినట్టు లేదు. ఇంటికి ఏ పార్సెల్ వచ్చినా, అది పక్కింటివాళ్ళదైనా సరే, ముందు కత్తి పెట్టేది ఆవిడే. ఇవాళ మాత్రం దాని వంకే చూడకుండా, కళ్ళజోడు కనిపించడం లేదని ఇల్లంతా తిరుగుతోంది.

"ముందు పేరు తేల్చుకుందాం వదినా" అంది ఆడపడుచు.

"తేల్చుకునేదేముంది? కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన ఇస్త్రీ పెట్టె గురించి ఉన్నదున్నట్టు."

"టైటిలంటే కోర్టులో వాంగ్మూలం కాదు వదినా. కొనాలనుకునేవాళ్ళు ఏమని వెతుకుతారు? ఊరికే ఇచ్చిన అని ఎవరైనా కొడతారా? పేరు కొడతారు, నంబరు కొడతారు, రివ్యూ అని కొడతారు. ఫోనులో మొదటి ఐదారు మాటలే కనిపిస్తాయి, మిగతాది తెగిపోతుంది. అందుకే నునుపు 300 స్టీమ్ ఐరన్ రివ్యూ అనేది ముందుండాలి."

"మరి ఊరికే ఇచ్చారన్న సంగతి?"

"అది నువ్వు నోరు విప్పగానే మొదటి మాటగా చెప్పు. తెర మీద అక్షరాల్లో కూడా వేస్తాను. కింద రాసేదాంట్లో మొదటి వరుసలో పెడతాను, 'ఇంకా చదవండి' నొక్కకుండానే కనిపిస్తుంది. అప్‌లోడ్ చేసేటప్పుడు కంపెనీ నుంచి ఏమైనా పుచ్చుకున్నారా అని ఒక గడి ఉంటుంది, దానికీ టిక్కు పెడతాను. చాలా, దండోరా కూడా వేయించనా?"

టైలరమ్మ ఆలోచించింది. దుకాణం బోర్డు మీద 'టైలరు' అని ఉంటుంది గానీ 'భుజం దగ్గర తేడా చేయవచ్చు' అని ఉండదు. ఆ మాట లోపలికి వచ్చినవాళ్ళకి బట్ట కత్తిరించేముందు చెబితే సరిపోతుంది. సరేనంది.

కెమెరా మొదలైంది. "ఈ పెట్టె నేను కొనలేదు. కంపెనీ వాళ్ళు ఊరికే పంపారు. నేనేం చెప్పాలో మాత్రం వాళ్ళు చెప్పలేదు" అని మొదలుపెట్టింది టైలరమ్మ. అట్టపెట్టెని కెమెరా వైపు తిప్పింది. "చూడండి, టేపు కూడా ఊడలేదు. మీ ముందే విప్పుతున్నాను."

టేపు ఊడలేదు నిజమే. కాకపోతే కొంచెం వంకరగా ఉంది. పెట్టె మీద 'ఏ వేడిలోనైనా చుక్క కారదు' అని రాసి ఉంటే అది చదివి వినిపించి, మూత తీసి, ఇస్త్రీ పెట్టెని పైకెత్తింది. లోపల గుడగుడమంది. టైలరమ్మ మొహం మారిపోయింది. మళ్ళీ ఊపింది. నీళ్ళు.

"అయ్యో, ఇందులో నీళ్ళున్నాయి. అంటే ఎవరో వాడేసిన పెట్టె పంపారన్నమాట." టైలరమ్మ ఒంటికాలి మీద లేచింది. "వినండి, కొత్తదని చెప్పి వాడేసినది పంపించే కంపెనీని ఏమనాలి? ఇంత పెద్ద కంపెనీకి సిగ్గుండక్కర్లేదా? నాకే ఇలా పంపితే డబ్బు పోసి కొనేవాళ్ళకి..."

ఆ ఊపులో అట్టపెట్టెలోంచి గ్యారంటీ కాగితం తీసి దులిపింది. మడతలోంచి కళ్ళజోడొకటి బల్ల మీద పడింది. ఒక కాడ విరిగితే నీలం దారంతో చుట్టి ఉంది. ఆ దారం టైలరమ్మదే, ఆ ముడీ తనదే.

గుమ్మంలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "దొరికిందా?"

"అత్తయ్యా, ఈ పెట్టె మీరు విప్పారా?"

"విప్పానని ఎవరన్నారు?" అందావిడ. కళ్ళజోడు అందుకుని పెట్టుకుంది. పెట్టుకున్నాక, ఎదురుగా ఫోను తన వైపే చూస్తోందని కనిపించింది. "కొంచెం విప్పాను. పొద్దున మా స్నేహితురాలింటికి వెళ్ళాలి కదా, సిల్కు స్కార్ఫు నలిగిపోయి ఉంది. సిల్కుకి తక్కువ వేడి పెట్టాలని నాకు తెలీదా, తక్కువే పెట్టాను. ఆవిరి మీట నొక్కితే టపటపా నీళ్ళు కారాయి. స్కార్ఫంతా మచ్చలు. కొత్త వస్తువుని నేనే పాడుచేశాననుకుని, కిమ్మనకుండా సర్దేశాను."

ఆడపడుచు కెమెరా ఆపింది. నవ్వు ఆపుకోలేక బల్ల కింద కూర్చుంది. కాసేపటికి తేరుకుని, "పరవాలేదు. నీళ్ళు ఒంపేసి, మళ్ళీ టేపు వేసి, మొదట్నుంచి తీద్దాం. అమ్మ సర్దినంత బాగా కంపెనీవాడు కూడా సర్దలేడు" అంది.

"ముందు ఇది చూడాలి" అంది టైలరమ్మ. పాత సిల్కు ముక్కొకటి తీసి బల్ల మీద పరిచింది. తక్కువ వేడి పెట్టి, వేడెక్కుతోందని చూపించే దీపం ఆరేదాకా ఆగి, ఆవిరి మీట నొక్కింది. చుక్కలు కారాయి. అడుగు రేకు చాలినంత కాగకపోతే లోపలికి దిగిన నీళ్ళు ఆవిరి కాలేవు, నీళ్ళలాగే కారిపోతాయి. వేడి పూర్తిగా పెంచి మందపాటి నూలు బట్ట మీద నడిపితే ఒక్క చుక్క లేదు. ముడతలు ఒక్క ఊపులో పోయాయి. అంత చక్కటి ఆవిరి తన పాత పెట్టెకి ఏనాడూ లేదని టైలరమ్మ ఒప్పుకుంది.

అప్పుడే కంపెనీ అబ్బాయి ఫోను చేశాడు. టైలరమ్మ కడుపులో దాచుకోకుండా అంతా చెప్పేసింది.

"మేడమ్, అత్తగారి సంగతి సరదాగానే ఉంది. కానీ తక్కువ వేడి మాట వదిలేయండి. సిల్కుకి ఆవిరి ఎంతమంది వాడతారు చెప్పండి? ఊరికే ఇచ్చామన్నది కూడా మొదట్లోనే ఎందుకు, చివర్లో ఒక ముక్క అంటే చాలదా? అప్‌లోడ్‌కి ముందు మాకు ఒకసారి చూపించండి. ఓవర్‌లాక్ ఎవరికి పంపాలో సోమవారమే తేలుస్తున్నారు."

ఫోను పెట్టేశాక టైలరమ్మ కుట్టు మిషను ముందు కూర్చుంది. నిజం చెప్పాలంటే ఆవిడకి ఆశ పుట్టింది. ఒక్క మాట మింగితే ఈ వంకర కుట్టు పీడ వదులుతుంది. పెట్టె మంచిదే కదా, చాలావరకు. ఎవరు వచ్చి అడుగుతారు?

ఆ పక్క అత్తగారు స్కార్ఫుని వెలుతురుకి పట్టి మచ్చలు చూసుకుంటోంది. "నా చేతికి అలవాటు లేక చేశానే అమ్మాయ్. నీకు రావాల్సినది నా వల్ల పోతుందేమో" అంది చిన్నగా. ఎప్పుడూ ఏ తప్పూ ఒప్పుకోని మనిషి, తనది కాని తప్పు ఒప్పుకుంటోంది. టైలరమ్మ స్కార్ఫు అందుకుని చూసింది. ఆ తక్కువ వేడి మాట తీసేస్తే, రేపు ఎవరింట్లోనో ఇంకో పెద్దావిడ స్కార్ఫు పాడుచేసుకుని, తప్పు తనదేననుకుని, గుట్టుగా పెట్టె సర్దేస్తుంది.

"మీరేం పాడుచేయలేదు అత్తయ్యా. పెట్టే కారింది. రండి, అది మీరే చెబుదురుగాని."

"నేనా? జుట్టు దువ్వుకోనీ" అంది అత్తగారు, అప్పటికే దువ్వెన తీస్తూ.

వీడియోలో ఏదీ కత్తిరించలేదు. కంపెనీని తిట్టిన తిట్లు, పడిన కళ్ళజోడు, టైలరమ్మ నాలిక కరుచుకుని వాళ్ళకి చెప్పిన క్షమాపణ, అన్నీ ఉన్నాయి. సిల్కు మీదా నూలు మీదా నడిపి చూపించడం కొత్తగా చేర్చారు. "ఇది రెండోసారి విప్పడం" అని తెర మీద వేశారు. అత్తగారు స్కార్ఫుని జెండాలా చూపించింది. దొంగతనంగా విప్పానని మాత్రం అనకూడదని షరతు పెట్టింది. పేరు 'నునుపు 300 స్టీమ్ ఐరన్ రివ్యూ: చుక్కలు కారుతుందా?' అని పెట్టారు. అప్‌లోడ్‌కి ముందు ఎవరికీ చూపించలేదు.

చూసినవాళ్ళు ఈసారి చుట్టాలు కారు. ఇస్త్రీ పెట్టె కొందామని వెతికినవాళ్ళే వచ్చారు. నూలు బట్టలవాళ్ళు కొంటామన్నారు, సిల్కువాళ్ళు బతికించారన్నారు. అత్తగారి స్కార్ఫు ఏమైందని చాలామంది అడిగారు. కంపెనీ అబ్బాయి కూడా ఫోను చేశాడు. "మా వాళ్ళు మిషను ఇంకొకరికి పంపారు మేడమ్" అన్నాడు. పాపం, అతని గొంతులోనూ బాధ ఉంది. టైలరమ్మ సరేనని, లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

కొన్నాళ్ళకి ఒకావిడ అద్దెకారులో ఒక బరువైన పెట్టె వేసుకుని దుకాణానికి వచ్చింది. నునుపు వాళ్ళ ఆ ఓవర్‌లాక్ మిషనే, సొంత డబ్బుతో కొనుక్కుంది. "మా దగ్గరి టైలర్లందరూ తామూ కొనాలా వద్దా అని అడుగుతున్నారు. వేరేవాళ్ళు చెబితే నాకు నమ్మకం లేదు. మీరు వాడి చెప్పండి. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను" అంది.

టైలరమ్మ కెమెరా ముందు కూర్చుంది. "ఇది నేను కొనలేదు. నాకెవరూ ఇవ్వలేదు కూడా. సాయంత్రానికి వెళ్ళిపోతుంది" అంది. దారాలు ఎక్కించి, సన్నబట్ట మీదా మందపాటి బట్ట మీదా నడిపింది. అంచులు ఒక్క పోగు లేకుండా చక్కగా చుట్టుకుపోతున్నాయి. లోపం వెతికింది. ఆ రోజు ఆవిడకి లోపమొకటి దొరికితే ఎంత బాగుండునో అనిపించింది. దొరకలేదు.

"బాగుంది. చాలా బాగుంది. కొనుక్కోండి" అంది.

సాయంత్రం మిషను వెళ్ళిపోయాక అత్తగారు కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చింది. "మనకి ఇవ్వనివాళ్ళ మిషనుని అంతలా మెచ్చుకోవాలా?" అని అడిగింది.

"బాగుంది కదా అత్తయ్యా" అంది టైలరమ్మ. బల్ల మీదున్న జాకెట్టు అంచుని తన మిషను కిందికి జరిపి, వంకర కుట్టు మొదలుపెట్టింది.