పత్తిల కల్సిపోయిన అక్షరాలు

మమ్ముల కన్నతల్లి, మా అవ్వ చచ్చిపోయినంక ఆమె మాట్లాడిన మాటలల్ల మిగిలినయి ఇరవై నిమిషాల సినిమాల ఉన్నయి. ఆ మాటలను తెరమీద అక్షరాలు చేసింది నేనే. చెడగొట్టింది గూడ నేనే. ఇంకొకని మీద తోయనీకె లేదు.

వనపర్తిల నాది పెండ్లి వీడియోలు కత్తిరించి జోడించే పని. కింద ఒక టైలరక్క దుకాణం, పైన నా గది. కోడేరు దిక్కు పత్తి ఏరే ఆడోళ్ల మీద ఒక దోస్తు చిన్న సినిమా తీసిండు. అందుల మా అవ్వ ఉన్నది. షూటింగ్ అయిన నాలుగు నెలలకు ఆమె పోయింది. దోస్తు బయటోళ్ల కోసం ఇంగ్లీషు అక్షరాలు ఏస్తనంటే, తెలుగుల గూడ ఒక కాపీ చేద్దామని నేను పట్టుబట్టిన. అది నా చెల్లె కోసం.

నా చెల్లెకు వినవడదు. మూడేండ్ల పిల్లప్పుడు జరం తలకెక్కి చెవులు పోయినయి. అప్పుడు అవ్వ, నాయిన చెల్లెను ఎంటవెట్టుకొని వలసల ఉన్నరు, కాలువ పనికాడ. చెవిటి పిల్లల బడిల చదువుకున్నది, తెలుగు నాకంటె జల్ది చదువుతది. ఇప్పుడు గద్వాలల మగ్గం నేస్తది. మేం చేతులతోని మాట్లాడుకుంటం, కాకుంటె ఫోన్ల రాసుకుంటం. అవ్వకు చదువు రాదు, ఆమెకున్నయి నాలుగు సైగలే. తిన్నవా, పండుకో, పైలం, మళ్ల ఎప్పుడొస్తవు. తనకు చెవులెట్ల పోయినయని చెల్లె ఎన్నిసార్లు అడిగినా, అవ్వ కండ్లు తుడుసుకునేది, లేచి పోయేది.

ఆ ముచ్చటను అవ్వ కెమెరాకు చెప్పింది. పత్తి ఏరుకుంటనే చెప్పింది. దుమ్ము పోకుండ కొంగు నోటికి కట్టుకున్నది గనుక పెదవులు చూసి తెల్సుకుందామన్నా కుదరదు. మొదటి మాట: "ఆ దినం నా బిడ్డను దవాఖానకు తీస్కపోలే." అప్పుడు తెరమీద ఆమె నల్ల చీర నిండ ఉన్నది. ఆడికెల్లి కెమెరా మెల్లగ పక్కకు జరిగి చేన్ల పడ్డది, ఎర్రటెండల పగిలిన పత్తి. "మేస్త్రి ట్రాక్టర్ ఇయ్యలే. కాళ్లు పట్టుకున్న, ఇయ్యలే." ఆ యెనక: "తెల్లారి ఎత్తుకొని నడిసిన, పొద్దుగూకెదాక. అప్పటికే అయిపోయింది."

నేనేమో పెండ్లిండ్లు, శుభలేఖల మనిషిని. నాజూకు అక్షరం ఎంచిన. తలకట్టు ఎంట్రుక లెక్క సన్నగ, కింద వంపు మెత్తగ. తెల్ల రంగు, చుట్టు గీత లేదు, యెనక నీడ లేదు. "బొమ్మ మీద నల్లపట్టీలు ఏస్తే టీవీ వార్తల లెక్క ఉంటది, సాఫ్‌గ ఉంచు" అన్నడు దోస్తు. నాకూ గదే నచ్చింది. రెండడుగుల దూరంల కూసొని, వెలుతురు ఫుల్లు పెట్టి, పదిసార్లు చూసిన. పదిసార్లూ అన్నీ కనవడ్డయి.

ఆ తెలుగు కాపీని కోడేరుల ఒక బడి హాల్ల చూపించినం. పగటిపూట. తలుపులకు పరదాలు లేవు, గోడమీద సున్నం, ప్రొజెక్టర్ ముసల్ది. చెల్లె గద్వాల నుంచి ఒక్కతే వచ్చి ముందల కూసున్నది. అవ్వ మాట్లాడుతుంటే ఆడోళ్లంత ఏడ్సిండ్రు. చెల్లె గోడ దిక్కు చూసింది, ఏడ్సేటోళ్ల దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. సినిమా అయిపోకముందే లేచి పోయింది. దుఃఖమాపుకోలేక పోయిందనుకున్న. తెలివి తెల్లారినట్టే ఉన్నది నాది!

ఆనాటి నుంచి నా వీడియో కాల్ ఎత్తలే. అవ్వ సంవత్సరీకం వచ్చింది. చెల్లె రాలే. చిన్నమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టింది, "కన్నతల్లికి పిడికెడు మెతుకులు పెట్టనీకె రాదా, గదేం బిడ్డ!" అని. ఎందుకు రాలేదని చెల్లెకు రాసిన. జవాబు వచ్చింది: "నన్ను దవాఖానకు తీస్కపోలేదని ఆమెనే చెప్పింది గద. సినిమాల చూసిన. నేను రాను."

మొదటి మాట ఒక్కటే చదివింది! మిగిలినయి వెంటనే ఫోన్ల రాసి పంపిన. "ఇది నువ్వు రాస్తున్నవ్. అవ్వను కాపాడనీకె రాస్తున్నవ్. ఆమె చెప్పలే" అన్నది.

టైలరక్కను పైకి పిలిసిన. సౌండ్ బంద్ చేసిన, గోడమీద ఏసిన, కిటికీ తెరిసిన. మొదటి మాట చదివింది. పత్తి రాంగనె ఆగిపోయింది. "ఏం తమ్మీ, పత్తిల పత్తి ఏరుమంటున్నవా? ఈడేం లేదు" అన్నది. నాకైతే అప్పుడు గూడ కనవడుతనే ఉన్నయి. ఆ మాటలు నాకు నోటికొచ్చు, చెవుల అవ్వ గొంతు ఉన్నది. తెల్సిన మాటను కన్ను చదవదు, ఉన్నదనుకుంటది. సౌండ్ బంద్ చేసి చూడాలెనన్న సోయి నాకు ఒక్కనాడన్న రాలే. వినవడని పిల్ల కోసం చేసిన పనిని చెవులతోని చూసిన. థూ, నా బతుకు!

మళ్ల మొదలు పెట్టిన. గీత అంతట ఒకే లావుండే మొద్దు అక్షరం తీసుకున్న, అందం లేకున్నా సరే. చుట్టు నల్లగీత ఏసిన. గీత లావు జేస్తే అక్షరాల సున్నలు పూడుకపోయినయి, టైలరక్కకు మ, య ఒక్కతీరే కనవడ్డయి. గీత తగ్గించిన. అయినా గాలికి పత్తి ఊగినప్పుడల్ల అక్షరాలు గజిబిజి అయితున్నయి. చివరకు దోస్తు వద్దన్న పట్టీనే ఏసిన, యెనక బొమ్మ జర కనవడేటట్టు పల్చటి నలుపు. దాంతోని చేను ఊగినా, ఎండ మారినా అక్షరం కింద జాగ మారలే. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతుంటే నడుమ ఎడం పెంచిన. టైలరక్క ఇరవై అడుగుల నుంచి గడగడ చదివింది. చదివి కుట్టుమిషన్ కాడికి పోకుండ మెట్ల మీదనే కూసున్నది.

గద్వాలకు పోయిన. చెల్లె తలుపు తీసింది గని మళ్ల పోయి మగ్గం కాడనే కూసున్నది. ముందుగాల పాత కాపీ లాప్‌టాప్‌ల పెట్టి, పత్తికాడ ఆపి, ముఖం దగ్గరికి తెమ్మన్న. నేసేటోళ్ల కన్ను, పోగు తెగితే పట్టే కన్ను. పత్తి మీద సన్నటి గీతలున్నయని కనిపెట్టింది, ఏమున్నదో మాత్రం చదవలేకపోయింది. వేలుతోని తుడిసి చూసింది. ఆనాడు గూడ ఉన్నదా అని సైగ చేసింది. ఉన్నదన్న.

అప్పుడు కొత్తది ఏసిన. చదివింది. మళ్ల ఏయమన్నది. "కాళ్లు పట్టుకున్న" కాడ ఆపమన్నది. మరి నాకెందుకు కనవడలే అని అడిగింది. మంచిగ కనవడాలెనని సన్నగ రాసిన అన్న. ఆమె కోపం చెయ్యలే. చేసినా బాగుండు.

ఫోన్ తీసుకొని రాసింది: "సంవత్సరీకం అయిపోయి పన్నెండు దినాలాయె. ఇప్పుడు మెతుకులు పెడితె అవ్వకు అందుతదా?"

అందుతదని తలూపిన. నాకేం తెల్సు.