మూత మీద పట్టినంత

ఇప్పుడే యాకుత్‌పురా నుంచి ఇంటికొచ్చాను. సంబరం ఇంకా తగ్గలేదు, అందుకే వెంటనే రాస్తున్నాను.

మా పాత పొరుగింటి సుగుణక్క పుట్టినరోజు నాలుగు రోజుల కిందటే అయిపోయింది. ఏటా నా పుట్టినరోజుకు పొద్దున్నే మొదటి ఫోన్ ఆమెదే. నేనేమో ఆమెది శుభ్రంగా మరిచిపోయాను!

ఈ రోజు గుర్తొచ్చి, బేగంబజార్‌కు పరుగెత్తి ఒక స్టీలు డబ్బా కొన్నాను. మూత మీద ఏం చెక్కాలో దుకాణంలో పేర్లు చెక్కే భాయ్‌కి కాగితం మీద రాసిచ్చాను. అందులో సాకులుగా ఆఫీసు పని, పాడైన ఫోను, జ్వరం అన్నీ ఉన్నాయి. జ్వరం మాత్రం అబద్ధం.

ఆయన చదివి నవ్వాడు. "గిదంతా పట్టదన్నా. మూత మీద రెండు లైన్లకే జాగ ఉంది."

సాకులన్నీ కొట్టేశాక మిగిలింది ఇది: "సుగుణక్కకు పుట్టినరోజు శుభాకాంక్షలు. మరిచిపోయి, నాలుగు రోజులు ఆలస్యంగా, నీ తమ్ముడు." కరెంటు పెన్ను గుయ్యిమంటూ రెండు నిమిషాల్లో చెక్కేసింది.

యాకుత్‌పురాలో వాళ్ల ఇంటి తలుపు తీసినప్పుడు అక్క మొహం ముడుచుకునే ఉంది. డబ్బా చేతిలో పెట్టాను. అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా చదివింది. ఒక్కసారి పకపకా నవ్వింది!

"మూత మీద జాగ అయిపోయింది గదరా. వచ్చే ఏడాదిది డబ్బా మీద రాయించు."

మీరూ ఎవరి పుట్టినరోజైనా మరిచిపోయి మొహం చాటేస్తున్నారా? ఇప్పుడే చెప్పేయండి. మూత మీద పట్టినంత చాలు.