నేను వదిలెయ్యమన్న మాట

అమెరికాలోని ఇర్వింగ్‌లో మా తమ్ముడి క్లినిక్‌కి వచ్చేవాళ్లలో సగం మనవాళ్లే. రోగిని చూశాక తమ్ముడు వాళ్లు చెప్పిన తెలుగూ తన ఇంగ్లీషూ కలిపి చిన్న రికార్డర్‌లో చెప్పేవాడు. మేనకోడలు దాన్ని స్పీకర్లో వింటూ శుభ్రమైన ఇంగ్లీషు నోటుగా టైపు చేసేది. అక్కడే పుట్టిన పిల్ల కాబట్టి తెలుగు అందని చోట నన్నడిగేది. నేను ఐదో తరగతి దాటలేదు, కానీ విన్నది మరవను. పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసేదాన్ని.

ఆ గురువారం టేపులో ఒకావిడ గురించి తమ్ముడి గొంతు: "షుగర్ టాబ్లెట్ డైలీ మార్నింగ్ వేసుకుంటోంది. శనివారాలు ఒంటిపూటట, రాత్రికే తింటుందట. బ్లడ్ రిపోర్ట్ వచ్చాక డోస్ సంగతి చూద్దాం."

"అత్తా, ఒంటిపూట అంటే ఏంటి? ఎలా రాయను?"

"ఆవిడ భక్తి ఆవిడది. అదేమన్నా రోగమా? వదిలెయ్యి."

వదిలేసింది. సాయంత్రం తమ్ముడు హడావుడిలో సంతకం చేసి పొరుగూరు వెళ్లాడు.

శుక్రవారం ఆవిడ రిపోర్టు వచ్చింది, షుగర్ ఎక్కువే ఉంది. తమ్ముడి బదులు చూసే డాక్టరు మా నోటు చదివి, మాత్ర రెట్టింపు చేసి ఫోన్‌లో చెప్పించాడు.

శనివారం తమ్ముడు తిరిగొచ్చాడు. మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్. ఆ షుగరావిడ ఇంట్లో పడిపోయిందట. షుగర్ బాగా దిగిపోతే గ్లూకోజ్ ఎక్కించారట. లేచి కూర్చుంది, ఇంటికి పంపేస్తున్నాం, రికార్డు పంపండి అన్నారు. తమ్ముడు నోటు మళ్లీ మళ్లీ చదివాడు.

"ఎందుకు పడిపోయింది? ఇందులో ఏమీ లేదే!"

నోరు తెరిస్తే పిల్లకి తిట్లు. తెరవకపోతే ఎందుకు పడిపోయిందో తెలీకుండానే ఆ తల్లి ఇంటికెళ్లిపోతుంది.

"ఒరేయ్, ఇవాళ శనివారం. ఆవిడ పొద్దుట్నుంచీ ఏమీ తిని ఉండదు. నువ్వు టేపులో చెప్పావు. నేనే వదిలెయ్యమన్నాను."

టేపులో వాడన్న మాటలన్నీ వరసగా అప్పజెప్పాను. వాడి ముఖం తెల్లబోయింది.

"అక్కా, ఆ మాత్ర ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుందే! గ్లూకోజ్ అయిపోగానే మళ్లీ పడిపోతుంది!"

ఫోన్ లాక్కుని అరిచినంత పని చేశాడు. "పంపకండి, రాత్రంతా ఉంచండి."

సంతకమైన నోటుని దిద్దకూడదట. కింద తేదీ, టైము వేసి కొత్తగా చేర్చాలట. మేనకోడలు టైపు చేసి, నాకు తెలుగులో చెప్పింది. "శనివారాలు రాత్రి ఒక్కపూటే తింటుంది, అయినా మాత్ర వేసుకుంటుంది. ముందు నోటులో పొరపాటున రాయలేదు."

"నా పొరపాటని రాయి."

"నీ పేరు అందులో ఉండదు అత్తా. నాదుంటుంది."

ఆసుపత్రికి ఫాక్స్ వెళ్లింది. ఎవరూ భోజనం మాట ఎత్తలేదు. సాయంత్రం మళ్లీ ఫోన్. షుగర్ రెండోసారి దిగిందట. పక్కనే నర్సు ఉంది, సెలైన్ సూది చేతికే ఉంది, వెంటనే గ్లూకోజ్ ఎక్కించారు.

"స్పృహ ఉందా?" అంది మేనకోడలు.

"ఉంది," అన్నాడు తమ్ముడు. ఆ పిల్ల కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను దాని వీపు నిమరలేకపోయాను.