సూది పడిన ముద్ర

అంజమ్మ అంటే నాకు మొదటినుంచీ పడదు. ఇరవై ఆరేళ్లుగా ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద, బల్లకు ఆ పక్క ఆమె, ఈ పక్క నేను కూర్చుంటున్నాం. అయినా పడదు. నేనంటే ఆమెకూ అంతే. పడనివాళ్ల గురించి రాస్తేనే అబద్ధాలు తక్కువ దొర్లుతాయని నా నమ్మకం. అందుకే రాస్తున్నాను.

అమీర్‌పేట మెట్రో స్టేషను వెనక సందులో మాకో చిన్న ప్రెస్సుంది. మా ఆయన పెట్టిందే. ఆయన పోయాక నేను నడుపుతున్నాను. నేను చదివింది మూడో తరగతి. ఈ పేటలో పెద్ద చదువులు చెప్పే కోచింగ్ సెంటర్ల వాళ్లంతా ఆ మూడో తరగతి ముందుకే వచ్చి రసీదు పుస్తకాలు అచ్చువేయించుకుపోతారు.

అంజమ్మది సిరిసిల్ల. మగ్గాల ఇంట్లో పుట్టింది. భర్త మొగిలయ్య ఆటో నడిపేవాడు. నడుము విరిగి నాలుగేళ్లుగా యూసుఫ్‌గూడలో అద్దె గదిలో మంచం మీదున్నాడు. ఆ గది అద్దె ఈమె చేతుల్లోంచే వెళ్లాలి. మా దగ్గర బిల్లు పుస్తకాలకు నంబర్లు కొట్టేదీ, చింపుకునే చోట చిల్లుల గీత వేసేదీ, జిగురు పెట్టి కుట్టేదీ ఆమే. రబ్బరు స్టాంపులు బ్లేడుతో చెక్కి పిడికి అతికించేది కూడా ఆమే. కాగితాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి అది ఎంత మందమో చెప్పేస్తుంది. నోరు మాత్రం ఆ బ్లేడుకు ఏమీ తీసిపోదు. ఒకసారి ఒక గుమస్తా పని త్వరగా కావాలని తొందరపెడితే, "జిగురుకు చెప్పు సారూ, నా మాట ఇంటలేదు" అంది. అతను మళ్లీ రాలేదు. ఆ నష్టం నాది.

మొన్న ఆషాఢంలో ఒక ఉదయం పది గంటలప్పుడు ఓంప్రకాష్ ఊడిపడ్డాడు. పంజాగుట్టలో అతనికి లాప్‌టాప్‌ల దుకాణం ఉంది. అతని బిల్లు పుస్తకాలు మావే, స్టాంపూ మాదే. వెనకే ఇరవై ఏళ్ల అమ్మాయి, ముఖమంతా ఎర్రగా చేసుకుని వచ్చింది. పేరు రవళి. మధురానగర్ హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటోంది.

"అక్కా, నీ ప్రెస్సుల దొంగలున్నరు" అన్నాడు అతను, కూర్చోకుండానే.

"చెప్పులు బయట విడిచి, ఆ మాట మళ్ల అను" అన్నాను.

అతను ఫోను బల్ల మీద పెట్టాడు. ఎవడో పాత వస్తువులు అమ్మే యాప్‌లో లాప్‌టాప్ ఫొటో పెట్టాడు. పక్కనే ఓంప్రకాష్ దుకాణం బిల్లు, దాని పక్కన వారంటీ కార్డు, రెండింటి మీదా ఊదారంగు ముద్ర. ఇంకా రెండేళ్లు వారంటీ ఉందని రాశాడు. రవళి ఆ ఫొటో చూసి నమ్మి, మెట్రో మెట్ల కింద వాణ్ని కలిసి కొనేసింది. మూడో రోజుకే తెర నల్లబడింది. సర్వీసు సెంటరుకు వెళ్తే ఈ యంత్రానికి వారంటీ ఎప్పుడో అయిపోయిందన్నారట. అమ్మినవాడి ఫోను మూగబోయింది. ఆమె తిన్నగా ఓంప్రకాష్ దుకాణానికి వెళ్లి గొడవ పెట్టుకుంది. వీడియో కూడా తీసింది.

"బిల్లు మీది, ముద్ర మీది. మీరు కాకపోతే ఇంకెవరు?" అంది రవళి.

"ముద్ర నాది కాదమ్మా, గీమెది" అని ఓంప్రకాష్ అంజమ్మ వైపు వేలు చూపించాడు. "అక్కా, నా స్టాంపు గీతకు కింద ఒక గాటు ఉంటది. బ్లేడు జారిందని గీమెనే నాకు చెప్పింది. గిగో, దొంగ బిల్లుల సుత అదే గాటు. నాకొకటి చేసి, ఇంకోటి చేసి ఎవనికో అమ్ముకున్నది. సాయంత్రంలోపు ఒప్పుకోకపోతే పోలీస్ స్టేషన్ల పేరు రాపిస్త."

నిజం చెప్పాలి కదా. గాటు చూశాక నాకూ అనుమానం వచ్చింది. నంబరు తప్పిపోయిన కాగితాలు బుట్టలో పడేస్తాం, వాటిని ఇంతవరకు ఎవరం లెక్కపెట్టలేదు. మొగిలయ్య మందుల చీటీలు ఎంత పొడుగుంటాయో నాకు తెలుసు. నా నోరు ఆగలేదు.

"అంజీ, నీ సంచి ఇటు చూపియ్యి."

ఆమె నా వైపు చూసింది.  గోడకు తగిలించిన సంచి తెచ్చి బల్ల మీద బోర్లించింది. టిఫిను డబ్బా, కళ్లజోడు, బస్సు పాసు, ఒక దువ్వెన పడ్డాయి. డబ్బా మూత కూడా తీసింది. చల్లబడిన అన్నం, చింతపండు పచ్చడి ఉన్నాయి.

"అయిందా అక్కా? ఇగ నేను జూస్త" అని కళ్లజోడు పెట్టుకుంది. "బిల్లు నీ దగ్గర ఉందా బిడ్డా? ఫొటో కాదు, కాయితం."

రవళి ప్లాస్టిక్ కవరులోంచి బిల్లూ కార్డూ తీసి ఇచ్చింది. అంజమ్మ బిల్లును వేళ్ల మధ్య నలిపింది. ఎడమ అంచు మీద గోరు నడిపింది.

"మా బిల్లు పుస్తకంలకెళ్లి చింపితే గీ అంచుకు రంపం పండ్లుంటయి. ఇది కత్తెరతోని కోసిండ్రు. ఫొటో సుత పెద్దగ జేసి చూడు, నున్నగ ఉన్నది."

"అంచు కోసేసినవేమో" అన్నాడు ఓంప్రకాష్.

"సరే. మరి గిదేంది?" ఆమె బిల్లును వెనక్కి తిప్పి అతని వేలిని లాగి దాని మీద పెట్టింది. "మాది నంబరు మిషన్ల కొడ్తం. వెనక దిక్కు చెయ్యి పెడితే అంకె ఉబ్బెత్తుగ తగుల్తది. తగిలిందా?"

తగల్లేదు. అతను వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆమె అరలోంచి అచ్చు చుక్కలు చూసే చిన్న భూతద్దం తీసి రవళికి ఇచ్చింది.

"ముద్ర మీద పెట్టు. ఏం కనబడ్తుంది?"

"చుక్కలు" అంది రవళి. "ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు. ఊదారంగు లేదు."

"రంగుల ప్రింటరు ఆ రెండు చుక్కలు కలిపి ఊదా అనిపిస్తది. స్టాంపు సిరాకు చుక్కలుండయి, కాయితంల ఇంకుతది." ఆమె వేలు తడి చేసి దొంగ ముద్ర మీద రుద్దింది. చెక్కుచెదరలేదు. స్టాంపు కొట్టిన మా పాత నమూనా బిల్లు మీద రుద్దితే వేలంతా ఊదా అయింది. వారంటీ కార్డును ఒకసారి మడిచి విప్పింది. మడత మీద రంగు పెచ్చులుగా లేచి తెల్లటి గీత పడింది. "కంపెనీ కార్డయితే గిట్ల పొట్టు లేవది. మీద సన్న అక్షరాలు చూడు, మసక మసక ఉన్నయి. అసలు కార్డును స్కాన్ చేసి మళ్ల అచ్చు తీసిండు."

"ఇవన్నీ ముందుగాల ఎవరు చెప్తరు?" అంది రవళి. "ఫొటోల అన్నీ కరెక్టే కనపడ్డయి."

"ఫొటోల నేను సుత పెండ్లిపిల్ల లెక్క కనపడ్త" అంది అంజమ్మ. 

ఓంప్రకాష్ మాత్రం తగ్గలేదు. "ఇవన్నీ సరే. గాటు సంగతేంది? నా గాటు వానికెట్ల దొరికింది?"

"నీ నిజం బిల్లు ఒకటి దొరికితే గాటు దొరికినట్టే. గంత పెద్ద దుకాణం నడుపుతున్నవు, గిది తెల్వదా?" అని, "ఆడు అమ్మిన వేరేవాటి ఫొటోలు ఉన్నయా?" అని అడిగింది. అదే మనిషి పెట్టిన ఇంకో రెండు బిల్లుల ఫొటోలు ఓంప్రకాష్ ఫోనులోనే ఉన్నాయి. ఆమె మూడు ఫొటోలనూ ఒకదాని తర్వాత ఒకటి పెద్దవి చేయించింది. తర్వాత ఒక తెల్ల కాగితం తీసి, అతని జేబులోని స్టాంపు అడిగి తీసుకుని పది ముద్రలు కొట్టింది. ఒకటి ముదురు, ఒకటి లేత, ఒకటి వంకర. ఏ రెండూ ఒక్కలా పడలేదు.

"చెయ్యితోని కొడితే గిట్ల పడ్తది. ఆ మూడిట్ల సూడు, అదే వంకర, అదే మరక. ఒక్క ముద్రనే ఎత్తి అన్నిట్ల అతికిండు. ఏ బిల్లులకెళ్లి ఎత్తిండో సుత చెప్పనా?"

ఆమె గోటి కొనతో ముద్ర నడుమ చూపించింది. అక్కడ గుండ్రంగా ఒక తెల్ల మచ్చ ఉంది. అంచు చిరిగినట్టుంది. మూడు ఫొటోల్లోనూ ఉంది. రవళి కాగితం మీదా ఉంది. కానీ కాగితం అక్కడ చెక్కుచెదరలేదు. చిల్లు బొమ్మ మాత్రమే అచ్చయింది.

"ఇది బిల్లులు గుచ్చే సూది చిల్లు సారూ. కొన్నోడు తీస్కపోయిన బిల్లుకు సూది పడ్తదా? కొన్నోడు వద్దనుకొని, బిల్లు క్యాన్సలై దుకాణంలనే ఉండిపోతే పడ్తది. నీ గల్లా పక్క సూది ఎవరి చేతుల ఉంటది?"

 ఓంప్రకాష్ గల్లాలో కూర్చునేది అతని బామ్మర్ది దినేశ్. ఆ సంగతి నాకు తెలుసు. బిల్లు కింద సంతకం కూడా ఉంది, దాని తోక ముద్ర మీదుగా వెళ్లింది; అది ఎవరిదో అతనికి తెలుసు. చూస్తూ చూస్తూ ఇప్పటిదాకా గుర్తుపట్టనట్టున్నాడు.

ఫోను చేశాడు. "దినేశ్, క్యాన్సల్ బిల్లుల సూది పట్కొని అమీర్‌పేట రా." అవతల ఏదో అన్నారు. "పారేసినవా? ఎవరు చెప్పిండ్రు పారెయ్యమని?" మళ్లీ చేస్తే కలవలేదు. మూడోసారి స్విచాఫ్.

"అంకుల్, పదండ్రి" అంది రవళి, కవరు సర్దుకుంటూ. "పోలీస్ స్టేషన్ అన్నరు గదా, ఇద్దరం కలిసే పోదాం. పేరు మీరే చెప్తరు."

ఓంప్రకాష్ అంజమ్మ వైపు తిరిగాడు. గొంతులో చక్కెర పోసుకున్నాడు. "అమ్మా, ఇంట్ల మాట. బయటికి పోనీయకు. ఇంకో నలభై పుస్తకాలు ఆర్డరిస్త."

"పుస్తకాల సంగతి అక్కతోని మాట్లాడుకో. నా సంగతి నాకు కాయితం మీద రాసియ్యి. నీ స్టాంపు అంజమ్మ ఎవరికీ అమ్మలేదని, నువ్వన్నది తప్పని. కింద ముద్ర కొట్టు."

"గంత అవసరమా?"

"నువ్వు నా మీదికి వేలు చూపెట్టినప్పుడు ఈ పిల్ల విన్నది, అక్క విన్నది. తప్పన్నది సుత వినాలె."

అతను నిలబడే రాశాడు. బల్ల మీదున్న తన స్టాంపు తీసి కొట్టాడు. గాటు స్పష్టంగా పడింది. అంజమ్మ దాన్ని భూతద్దంతో చూసి, వేలు తడి చేసి అంచున ముట్టి, సిరా అంటిందని చూసుకుని, మడవకుండా టిఫిను డబ్బా కింద పెట్టుకుంది. అతనూ రవళీ మెట్లు దిగుతూ కూడా తిట్టుకుంటూనే పోయారు. ఆ నలభై పుస్తకాలు నేను వేయనన్నాను. అది మంచితనం కాదు. నా బల్ల దగ్గర దొంగ అన్నవాడి సొమ్ము నాకు అక్కర్లేదు.

అయితే దొంగేమోనని సంచి అడిగింది నేను కూడా. ఆ సంగతి అంజమ్మ మరిచిపోలేదు.

అది జరిగి రెండు నెలలైంది. పనిలో తేడా లేదు. నంబర్లు వరసగా పడుతున్నాయి, జిగురు సమంగా ఉంటోంది. రోజూ సాయంత్రం ఆరింటికి మాత్రం ఇంటికి బయల్దేరేముందు సంచి తెచ్చి నా ముందు బోర్లిస్తుంది. డబ్బా, కళ్లజోడు, బస్సు పాసు, దువ్వెన. డబ్బా మూత కూడా తీస్తుంది.

"సూసుకో అక్కా."

వద్దని ఒక్క మాట అంటే అయిపోతుంది. ఇరవై ఆరేళ్లలో ఆమెకు నేనెప్పుడూ తగ్గింది లేదు. రోజూ ఆ ఖాళీ డబ్బాలోకి చూస్తున్నాను.